బడి ప్రాజెక్టుకు పత్రిక మొదటి పేజీ: శీర్షికల గురించి అపోహలు - వాస్తవాలు

కొన్నేళ్లపాటు దినపత్రిక డెస్కులో పేజీలు పెట్టించిన తరువాత, ఇప్పుడు అప్పుడప్పుడూ బడులకు వెళ్లి పిల్లలు తయారుచేసే నమూనా పత్రికలను చూస్తుంటాను. వార్తలు రాయడంలో పిల్లలు పెద్దగా ఇబ్బంది పడరు. పేజీ మొత్తాన్ని గోడకు తగిలించి రెండు మీటర్ల దూరం నుంచి చూసినప్పుడు మాత్రం ఏది ముఖ్యమైన వార్తో, ఏది చిన్న వార్తో తెలియదు. ఆ లోపానికి కారణం దాదాపు ఎప్పుడూ శీర్షికల పరిమాణాలే. ఈ మధ్య ఒక తొమ్మిదో తరగతి జట్టు చంద్రయాన్-3 చంద్రుడిపై దిగిన మరుసటి రోజు, అంటే 2023 ఆగస్టు 24 గురువారం నాటి పత్రిక మొదటి పేజీని తయారుచేసింది. ఆ పేజీని ఉదాహరణగా తీసుకుని, తరచుగా వినిపించే కొన్ని అపోహలను ఇక్కడ వివరిస్తాను.

ఆ రోజును ఎంచుకోవడం మంచి ఆలోచన. 23వ తేదీ సాయంత్రం 6.04 గంటలకు విక్రమ్ ల్యాండర్ చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగింది. అదే రోజు మిజోరంలో నిర్మాణంలో ఉన్న రైలు వంతెన కూలి పలువురు కార్మికులు మరణించారు. రాత్రి రష్యాలో వాగ్నర్ దళాల అధినేత ప్రిగోజిన్ ప్రయాణిస్తున్న విమానం కూలింది. బాకూలో చదరంగం ప్రపంచ కప్ ఫైనల్‌లో ప్రజ్ఞానంద, కార్ల్‌సన్‌ల రెండో గేమ్ డ్రాగా ముగిసింది. నాలుగు వార్తలూ మొదటి పేజీకి అర్హమైనవే కనుక, వాటి మధ్య వరుసను శీర్షికలతోనే చూపించవలసి వచ్చింది.

అపోహ: ముఖ్యమైన వార్తలన్నింటికీ పెద్ద శీర్షికలు పెడితే పేజీ ఆకట్టుకుంటుంది.

వాస్తవం: శీర్షిక పెద్దదిగా కనిపించేది పక్కనున్న చిన్న శీర్షిక వల్లనే. ఈ జట్టు తొలి ప్రతిలో నాలుగు శీర్షికలు వరుసగా 48, 44, 42, 40 పాయింట్లలో ఉన్నాయి. పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు కనుక 48కీ 44కీ మధ్య తేడా మిల్లీమీటరున్నర కూడా ఉండదు. తయారుచేసిన వారికి ఆ సంఖ్యలు గుర్తుంటాయి కాబట్టి తేడా ఉన్నట్టే అనిపిస్తుంది, కానీ చూసేవారి కంటికి అవి నాలుగూ ఒకటే. పై మెట్టుకూ కింది మెట్టుకూ మధ్య కనీసం ఒకటిన్నర రెట్ల తేడా ఉండాలన్నది నేను పాటించే కొలత. ఏ3 కాగితంపై ప్రధాన శీర్షికకు 90, రెండో వార్తకు 36, మూడో స్థాయికి 24, చిన్న వార్తలకు 16, వార్తా పాఠానికి 10 పాయింట్లు సరిపోతాయి. మొదటి రెండు మెట్ల మధ్య అంతరం ఇంకా ఎక్కువగా ఉంచడానికి కారణం, ఆ రోజు చంద్రయాన్ వార్తకూ మిగిలిన వాటికీ మధ్య అంత దూరం ఉండడమే. అంతటి వార్త లేని మామూలు రోజు పేజీకి 90 పాయింట్ల శీర్షిక అవసరం లేదు, 54 చాలు. వర్డ్‌లో పరిమాణాల జాబితా 72 దగ్గర ఆగిపోతుంది, కానీ ఆ గడిలో 90 అని నేరుగా టైప్ చేస్తే అంగీకరిస్తుంది. చాలామంది పిల్లలు ఇది తెలియక 72తోనే సరిపెట్టుకుంటారు.

అపోహ: శీర్షిక చోటులో పట్టకపోతే అక్షరాలను చిన్నవి చేస్తే సరిపోతుంది.

వాస్తవం: వరుసను చెడగొట్టే తప్పులలో ఇదే అన్నిటికన్నా పెద్దది, కాబట్టి దీన్ని లెక్కతో సహా చూపిస్తాను. ఏ3 కాగితం వెడల్పు 297 మిల్లీమీటర్లు. అటూ ఇటూ 15 చొప్పున అంచు వదిలితే 267 మిగులుతుంది. దాన్ని ఐదు కాలమ్‌లుగా చేసి, మధ్యలో ఐదేసి మిల్లీమీటర్ల ఖాళీ ఉంచితే ఒక్కో కాలమ్‌కు సుమారు 49 మిల్లీమీటర్లు వస్తుంది. ఆ జట్టు ఎంచుకున్న ఫాంటులో 60 పాయింట్ల పరిమాణంతో ఒక వాక్యం ముద్రించి స్కేలుతో కొలిస్తే, అక్షరానికి సగటున 15 మిల్లీమీటర్లు, పదాల మధ్య ఖాళీకి 6 మిల్లీమీటర్లు పట్టింది. ఫాంటు మారితే ఈ కొలత మారుతుంది కనుక ప్రతి జట్టూ తన ఫాంటును తానే కొలుచుకోవాలి.

పిల్లలు మొదట రాసిన శీర్షిక ఇది: ‘చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతంలో విజయవంతంగా దిగిన చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్’. ఇందులో చిహ్నాలతో కలిపి 32 అక్షరాలు, ఎనిమిది ఖాళీలు ఉన్నాయి. 60 పాయింట్లలో దీనికి 528 మిల్లీమీటర్లు కావాలి, కానీ పేజీలో ఉన్నది అందులో సగమే. ఒక వరుసలో పట్టించాలంటే 30 పాయింట్లకు దించక తప్పదు. అప్పుడు 36 పాయింట్లలో ఉన్న వంతెన ప్రమాదం శీర్షిక చంద్రయాన్ కన్నా పెద్దదైపోతుంది. అలాంటప్పుడు డెస్కులో చేసే పని అక్షరాలను తగ్గించడం కాదు, మాటలను తగ్గించడం. చివరికి వారు ‘చందమామపై మన అడుగు’ అని రాశారు. పది అక్షరాలు, రెండు ఖాళీలు. 90 పాయింట్లలో 243 మిల్లీమీటర్లు పట్టి, ఐదు కాలమ్‌ల మీద హాయిగా కూర్చుంది. వదిలేసిన సమాచారం ఎక్కడికీ పోలేదు. ‘దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగిన తొలి దేశంగా భారత్’ అని 24 పాయింట్ల ఉపశీర్షికగా దాని కిందికి చేరింది. ప్రధాన శీర్షిక పట్టి ఆపాలి, వివరం చెప్పే బాధ్యత ఉపశీర్షికది.

అన్నట్టు, ఒక విద్యార్థిని ‘శివశక్తి పాయింట్‌లో విక్రమ్’ అని చిన్న, చక్కని శీర్షిక సూచించింది. పొడవు సరిగ్గా సరిపోయింది, కానీ ఆ పేరును ప్రకటించింది ఆగస్టు 26న. 24వ తేదీ పత్రికలో అది ఉండే అవకాశం లేదు.

అపోహ: తెలుగు శీర్షికకూ ఇంగ్లిష్ శీర్షికకూ పేజీలో తేడా ఏమీ ఉండదు.

వాస్తవం: ఇంగ్లిష్ పత్రికలు క్యాపిటల్ అక్షరాలతో కొన్ని శీర్షికలను విడిగా చూపగలవు. తెలుగులో ఆ సదుపాయం లేదు కనుక పరిమాణం, మందం, చుట్టూ ఉన్న ఖాళీ మాత్రమే మనకున్న సాధనాలు. మరో తేడా వరుసల మధ్య దూరంలో ఉంది. మన అక్షరాలకు కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి. ‘నిర్మాణంలోని రైలు వంతెన / మిజోరంలో కూలి విషాదం’ అని రెండు వరుసల్లో పెట్టినప్పుడు, పై వరుసలోని ‘ర్మా’ వత్తు, ‘రై’లోని ఐత్వం కిందికి వేలాడి, కింది వరుస అక్షరాల పైభాగాన్ని తాకాయి. దూరం నుంచి అక్కడ నల్లటి మచ్చలా కనిపించింది. అది చూసి పిల్లలు వరుసల దూరాన్ని కాక, శీర్షిక పరిమాణాన్ని తగ్గించబోయారు. వర్డ్‌లో Line Spacing దగ్గర Exactly అని ఎంచుకుని చిన్న సంఖ్య ఇస్తే వరుసలు దగ్గరవుతాయి కానీ అక్షరాల పైభాగాలు తెగిపోతాయి. 36 పాయింట్ల శీర్షికకు 46 నుంచి 48 పాయింట్ల దూరంతో మొదలుపెట్టి, వత్తుకూ గుడికీ మధ్య సన్నని తెల్లని గీత కనిపించేవరకు సరిచేసుకోవాలి. వీలైతే శీర్షికను ఒకే వరుసకు కుదించడం ఇంకా మేలు. ‘మిజోరంలో కూలిన వంతెన’ రెండు కాలమ్‌ల వెడల్పులో 36 పాయింట్లకే ఒక వరుసలో సరిపోయింది.

అపోహ: శీర్షికకో ఫాంటు వాడితే పేజీకి అందం వస్తుంది.

వాస్తవం: రెండు చాలు. ఫాంట్ల జాబితాలో Ramabhadra అని కనిపించేది మందంగా ఉండి శీర్షికలకు నప్పుతుంది, Mandali వార్తా పాఠానికి బాగుంటుంది. రెండూ ఉచితమే. పత్రిక పేరుకు మాత్రం వేరే అక్షర రూపం వాడవచ్చు, ఎందుకంటే అది వార్తల మెట్లలో చేరదు, ఒక గుర్తులా నిలుస్తుంది. ఎర్ర రంగు, అడుగున గీత, మూడేసి ఆశ్చర్యార్థకాలు కూడా పేజీకి అందం తేవు, వాటిని వదిలేయవచ్చు.

అపోహ: ఒకే స్థాయి వార్తల శీర్షికలను పక్కపక్కన ఒకే ఎత్తులో పెడితే పేజీ తీరుగా ఉంటుంది.

వాస్తవం: కన్ను కాలమ్ గీత దగ్గర ఆగదు. రెండో ప్రతిలో ‘మిజోరంలో కూలిన వంతెన’, దాని పక్కనే అదే పరిమాణంలో ‘కార్ల్‌సన్‌తో మళ్లీ డ్రా’ వచ్చాయి. రెండూ కలిసి ఒకే వాక్యంలా చదివించాయి. మృతుల వార్త పక్కన అలాంటి కలయిక నవ్వు తెప్పించడం ఇంకా ఇబ్బందికరం. దీన్ని సరిచేయడానికి పిల్లలు పేజీని ఇలా మార్చారు. ప్రధాన శీర్షిక కింద ఎడమవైపు మూడు కాలమ్‌లలో విక్రమ్ ఫొటో, చంద్రయాన్ వార్త వచ్చాయి. కుడివైపు రెండు కాలమ్‌లలో వంతెన వార్త నిలిచింది. దాని కింద, పేజీ మడతకు దిగువన, ప్రిగోజిన్ వార్త 24 పాయింట్లలో వచ్చింది. చదరంగం వార్తను పేజీ అడుగున ఐదు కాలమ్‌ల పొడవునా గీతల పెట్టెలో అదే 24 పాయింట్లతో పెట్టారు. అలా పెట్టడం వల్ల పేజీ కింది భాగం చిన్న వార్తల కుప్పలా కాకుండా నిలబడింది. కింద ఉంటే చిన్న వార్తేనని చాలామంది అనుకుంటారు, కానీ స్థాయిని చెప్పేది చోటుకన్నా శీర్షిక పరిమాణమే.

ప్రిగోజిన్ వార్తకు మూడో స్థాయే ఎందుకని ఒకరు అడిగారు. విదేశీ పత్రికలో అది పతాక శీర్షిక కావచ్చు. తెలుగు పాఠకుడికి ఆ రోజు అది వంతెన ప్రమాదం తరువాతే వస్తుందన్నది నా అభిప్రాయం, దానితో విభేదించవచ్చు. అయితే స్థాయిని డమ్మీ, అంటే ఏ వార్త ఎక్కడో చూపే పేజీ నమూనా గీయడానికి ముందే నిర్ణయించుకుని, కాగితంపై వార్తల పక్కన 1, 2, 3 అని రాసుకోవాలి. కంప్యూటర్ ముందు కూర్చుని ఖాళీని బట్టి నిర్ణయిస్తే ఖాళీయే వార్తకు విలువ కడుతుంది.

అపోహ: ఏ4లో ముద్రించినా పేజీ అలాగే ఉంటుంది.

వాస్తవం: ఏ3 పేజీని ఏ4కు కుదిస్తే కొలతలన్నీ దాదాపు 71 శాతానికి తగ్గుతాయి. మెట్ల నిష్పత్తి చెడదు కనుక శీర్షికలు బాగానే కనిపిస్తాయి, కానీ 10 పాయింట్ల పాఠం 7కు పడిపోయి వత్తులు పూడుకుపోతాయి. చేత్తో చార్టుపై రాసేవారు ప్రధాన శీర్షికకు 8 సెంటీమీటర్లు, రెండో దానికి 4, మూడో దానికి రెండున్నర సెంటీమీటర్ల ఎత్తుతో పెన్సిల్ గీతలు గీసుకుని, పై స్థాయికి మార్కరు, కింది స్థాయిలకు స్కెచ్ పెన్ను వాడాలి.

పరీక్షించడానికి మేము చేసేది ఒక్కటే. పేజీని గోడకు తగిలించి, అంతవరకు దాన్ని చూడని ఒకరిని రెండు మీటర్ల దూరంలో నిలబెట్టి, కళ్లు చికిలించి చూసి కనిపించిన వరుసలో వార్తలు చెప్పమంటాము. ఈ జట్టు తొలి ప్రతిని చూసిన పక్క తరగతి అమ్మాయి చదరంగం వార్తను ముందు చెప్పింది. మూడో ప్రతి దగ్గర ఇంకో అమ్మాయి చందమామ, వంతెన అని వెంటనే చెప్పి, మూడోదానికి ప్రిగోజిన్, ప్రజ్ఞానందల మధ్య కాసేపు తడబడింది. వాటిని ఒకే స్థాయిలో పెట్టాము కనుక ఆ తడబాటు ఉండవలసినదే.