నేరేడు రంగు మచ్చ వెనక నూట యాభై ఏళ్ల కథ

గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా పనిచేసే 46 ఏళ్ల మనిషి ఒకరున్నారనుకుందాం. విజయవాడలో కిడ్నీ మార్పిడి జరిగి 14 నెలలైంది. రోగనిరోధక శక్తిని అణిచే టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసోలోన్ రోజూ వేసుకుంటున్నారు. ఎడమ పాదం పైభాగాన నేరేడు పండు నలిపి తుడిచినట్టు, ఊదా గోధుమ కలిసిన రంగులో, చర్మానికి సమంగా రెండు మచ్చలు కనిపించాయి. నొప్పి లేదు, దురద లేదు. ఎక్కడో తగిలి కమిలిందిలే అనుకున్నారు. పది రోజులకు మందుల షాపులో ఒక ట్యూబు తెచ్చి రాశారు. అందులో ఉన్నది స్టిరాయిడ్. నెల తిరిగేసరికి మచ్చలు ఐదయ్యాయి.

ఈ మచ్చను తేలిగ్గా తీసుకోకూడదని వైద్యానికి తెలియడానికి చాలా కాలం పట్టింది. 1872లో వియన్నాలో మోరిట్జ్ కపోసి అనే చర్మవైద్యుడు ఇలాంటి మచ్చలున్న ఐదుగురిని వర్ణించాడు. అతని పేరే జబ్బుకు నిలిచింది: కపోసి సార్కోమా, ఒక రకం క్యాన్సర్. ఆ తర్వాత చాలాకాలం దీన్ని మధ్యధరా తీరంలోనూ తూర్పు యూరప్‌లోనూ ముసలివాళ్ల కాళ్ల మీద మెల్లగా పాకే జబ్బుగానే చూశారు. ఆఫ్రికాలో పిల్లల్లోనూ యువకుల్లోనూ కనిపించే రకం 20వ శతాబ్దం మధ్యలో బయటపడింది.

అసలు మలుపు కిడ్నీ మార్పిడి రోగుల దగ్గర వచ్చింది. కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా రోగనిరోధక శక్తిని అణిచే మందులిస్తారు. 1960ల చివరి నుంచి, ఆ మందులు వాడేవారిలో ఇవే మచ్చలు రావడం గమనించారు. కొందరిలో మందుల మోతాదు తగ్గిస్తే మచ్చలు వాటంతటవే వెనక్కి తగ్గాయి కూడా. మామూలు క్యాన్సర్ అలా ప్రవర్తించదు. రోగనిరోధక శక్తి అదుపులో ఉంచే ఏదో ఒకటి దీని వెనక ఉందన్న అనుమానం అక్కడ బలపడింది.

1981 జులై 3న అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ వారపత్రిక న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో 26 మంది స్వలింగ సంపర్కులైన పురుషులకు ఈ మచ్చలు వచ్చాయని ప్రచురించింది. ఎయిడ్స్ గురించి వచ్చిన తొలి కబుర్లలో అదొకటి. కానీ హెచ్‌ఐవీ కూడా దారి తెరిచేదే తప్ప మచ్చను పుట్టించేది కాదు. 1994లో యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ దంపతులు ఒకే రోగి మచ్చలోని డీఎన్‌ఏను, మచ్చ లేని కణజాలంలోని డీఎన్‌ఏతో పోల్చి, రెండింటిలో ఉన్నదంతా తీసివేస్తూ పోయారు. చివరికి మిగిలిన ముక్కలు ఒక కొత్త హెర్పిస్ వైరస్‌వి. దాన్నే హెచ్‌హెచ్‌వి-8 అంటున్నారు. మన దేశంలో ఈ వైరస్ తక్కువ, అందుకే ఈ జబ్బూ అరుదు. అరుదు కావడమే ఇక్కడ చిక్కు: చూడని జబ్బు చప్పున తట్టదు.

తట్టకపోవడానికి మరో కారణం మన చర్మం రంగు. పుస్తకాల్లోని ఫొటోల్లో ఊదాగా మెరిసే మచ్చ, చామనచాయ ఒంటి మీద ముదురు గోధుమగానో నల్లగానో కనిపిస్తుంది. అలాంటప్పుడు దాన్ని వేటి నుంచి వేరు చేయాలన్నదే అసలు ప్రశ్న. కమిలిన మచ్చ అయితే రోజులు గడిచేకొద్దీ పచ్చగా, పసుపుగా మారి, రెండు వారాల్లో దాదాపు పోతుంది. ఇది రంగు మారదు. గాజు పలకతో నొక్కినా పూర్తిగా పాలిపోదు, ఎందుకంటే ఎర్రకణాలు రక్తనాళాలు దాటి కణజాలంలోకి కారి ఉంటాయి. ఇంకొకటి మందు పడక వచ్చే మచ్చ. మార్పిడి రోగులకూ, సీడీ4 అనే రోగనిరోధక కణాలు తగ్గిన హెచ్‌ఐవీ రోగులకూ ఇన్ఫెక్షన్లు రాకుండా కోట్రైమోక్సజోల్ బిళ్ల ఇస్తారు. ఆ బిళ్లకు కొందరికి ఇదే రంగులో మచ్చ లేస్తుంది. కాకపోతే అది మంటా దురదా పెడుతుంది, మందు మళ్లీ వేసుకుంటే అదే చోట మళ్లీ లేస్తుంది. బార్టోనెల్లా అనే బ్యాక్టీరియా తెచ్చే బొడిపెలు కూడా కపోసిలాగే ఉంటాయి, కానీ అవి యాంటీబయాటిక్‌తో నయమవుతాయి. చర్మపు టీబీ, ఫంగస్, కుష్ఠు కూడా జాబితాలో ఉంటాయి. కంటిచూపుతో వీటిని విడదీయగలమనుకోవడం అతివిశ్వాసం. రోగనిరోధక శక్తి తగ్గినవారిలో ఇవేవీ ఆలస్యానికి ఆగేవి కావు కాబట్టి, చివరికి కపోసి కాదని తేలినా, మచ్చ నుంచి చిన్న ముక్క తీసి చేసే బయాప్సీ పరీక్ష వృథా పోదు.

మన గుమాస్తా గారి విషయానికి వద్దాం. కిడ్నీ డాక్టరు చర్మవైద్యుల దగ్గరికి పంపారు. వాళ్లు ముందు నోరు తెరిపించి అంగిలి చూశారు, ఎందుకంటే అక్కడి మచ్చ రోగికి తెలియకుండానే ఉంటుంది. ప్లేట్‌లెట్లు, రక్తం పల్చబడే మందుల సంగతి కనుక్కున్నారు. ఐదింటిలో అన్నిటికంటే ముదురుగా, కాస్త మందంగా ఉన్నదాన్ని ఎంచుకుని, తిమ్మిరెక్కించే లిగ్నోకైన్ ఇచ్చి, 4 మిల్లీమీటర్ల పంచ్ అనే గుండ్రటి కత్తితో కొవ్వు పొర తగిలేదాకా ముక్క తీశారు. పైపైన గీకితే లాభం లేదు, మార్పు ఉండేది లోపలి పొరలో. ముక్కను పట్టకారుతో నొక్కితే కణాలు చితికిపోతాయి కాబట్టి సూది మొనతో లేపారు. దాన్ని దాని పరిమాణానికి పది రెట్ల ఫార్మలిన్‌లో వేశారు. టీబీ, ఫంగస్ కల్చర్ కోసం ఇంకో ముక్కను ఫార్మలిన్ కాకుండా సెలైన్‌లో పంపారు. ఫార్మలిన్‌లో సూక్ష్మజీవులు చచ్చిపోతాయి.

ఎక్కువగా పొరపాటు జరిగేది కాగితం మీద. ఫారంలో ‘చర్మపు మచ్చ’ అని మాత్రమే రాస్తే, సమంగా ఉండే తొలిదశ మచ్చలో పాథాలజిస్టుకు కనిపించేది కొద్దిగా పెరిగిన సన్నటి రక్తనాళాలు, కారిన ఎర్రకణాలు, అక్కడక్కడా కదురు ఆకారపు కణాలు. ‘సాధారణ వాపు’ అని రిపోర్టు రావడానికి అది చాలు. ‘కిడ్నీ మార్పిడి, 14 నెలలు, కపోసి అనుమానం’ అని రాసినప్పుడే లానా స్టెయిన్ అనే రంగు పరీక్ష వేయాలన్న ఆలోచన వస్తుంది. లానా హెచ్‌హెచ్‌వి-8 తయారుచేసే ప్రొటీన్, కణ కేంద్రకాల్లో చుక్కలుగా కనిపిస్తుంది. 1994 నాటి ఆవిష్కరణ ఈనాటి రోగికి అందేది ఈ చుక్కల రూపంలోనే. ఈ స్టెయిన్ ప్రతి ల్యాబులో ఉండదు. లేనిచోట ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకు తీసుకుని పెద్ద ల్యాబుకు పంపాలి. స్టెయిన్ రాకపోయినా మచ్చలు పెరుగుతుంటే ఇంకో మచ్చ నుంచి మళ్లీ తీయాలి.

ఈయనకు లానా వచ్చింది. స్టిరాయిడ్ ట్యూబు ఆపించారు. స్టిరాయిడ్ ఈ జబ్బును పెంచుతుంది. దగ్గు, నెత్తుటి కళ్లె, నల్లటి మలం ఉన్నాయా అని అడిగి, ఛాతీ స్కాన్ చేశారు. లోపల ఏమీ లేదు. 2005లో ఇటలీ వైద్యులు 15 మంది కిడ్నీ మార్పిడి రోగులకు రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోస్పోరిన్ ఆపి, అదే పని చేసే సిరోలిమస్ ఇస్తే, మూడు నెలల్లో అందరి చర్మం మీది మచ్చలూ పోయాయి. సిరోలిమస్ కిడ్నీని కాపాడుతూనే ఈ కణాల పెరుగుదలనూ ఆపుతుంది. టాక్రోలిమస్ స్థానంలో దాన్ని పెట్టారు, మైకోఫినోలేట్ తగ్గించారు. ఇదంతా కిడ్నీ డాక్టరు చేతిలో జరగాలి. మచ్చ భయంతో రోగి తానే మందులు మానేస్తే కిడ్నీ పోతుంది. మూత్రంలో ప్రొటీన్ ముందే ఎక్కువగా పోతుంటే సిరోలిమస్ కుదరకపోవచ్చు.

హెచ్‌ఐవీ ఉన్నవారిలో దారి వేరు. అక్కడ మందులు తగ్గించడం కాదు, హెచ్‌ఐవీని అణిచే ఏఆర్‌టీ మందులు మొదలుపెట్టాలి, లేదా మానేసింది మళ్లీ పట్టాలి. మొదటి కొన్ని వారాల్లో రోగనిరోధక శక్తి పుంజుకుంటూ మచ్చలు ఉబ్బవచ్చు. మందు పడలేదని అప్పుడు ఆపేయకూడదు, ఏఆర్‌టీ కేంద్రంలో చూపించుకోవాలి. కాలు వాచినా, ఊపిరితిత్తుల్లోకి పాకినా లైపోసోమల్ డాక్సోరుబిసిన్ లాంటి కీమో మందు కూడా అవసరమవుతుంది.

గుమాస్తా గారి మచ్చలను పక్కన రూపాయి బిళ్ల పెట్టి నెలకోసారి ఫొటో తీయమన్నారు. మూడో నెలకు ఊదా రంగు పోయి తుప్పు మరక లాంటి గోధుమ నీడ మిగిలింది. కారిన రక్తంలోని ఇనుము అది. కొత్త మచ్చ పుట్టనంత వరకు, పాతది ఉబ్బనంత వరకు ఆ నీడకు మందు అక్కర్లేదు.