ఎకానమీలకు సగటు తీయకండి, బంతులు లెక్కపెట్టండి

మారతహళ్లిలో ఉండే మన అనంతపురం కుర్రాడొకడు అడిగిన ప్రశ్న ఇది. బెంగళూరులో శని, ఆదివారాలు సర్జాపూర్ రోడ్డు వైపు గ్రౌండ్లు అద్దెకు తీసుకుని ఆడే టీముల్లో వాళ్లదొకటి, సగం మంది తెలుగువాళ్లే. సిరీస్ అయిపోయింది, బెస్ట్ బౌలర్‌కి కప్పు ఇవ్వాలి. చేతిలో ఉన్నదల్లా వాట్సాప్ గ్రూపులో పడ్డ స్కోర్‌కార్డుల స్క్రీన్‌షాట్లు. "అన్నా, ఒక్కో మ్యాచ్ ఎకానమీ తీసుకుని సగటు చేస్తే ఒకడు ఫస్ట్ వస్తున్నాడు, మొత్తం పరుగుల్ని మొత్తం ఓవర్లతో భాగిస్తే ఇంకొకడు వస్తున్నాడు. రెండూ సగటే కదా, ఏది కరెక్టు?" అన్నాడు.

రెండూ సగటు కాదు తమ్ముడూ. రెండోదే ఎకానమీ. మొదటిదానికి క్రికెట్‌లో అర్థమే లేదు. కానీ నీ ప్రశ్న ఇంకా లోతుకు పోతుంది, ఎందుకంటే రెండో లెక్క కరెక్టే అయినా "ఎవరు బాగా వేశారు" అన్నదానికి అది పూర్తి జవాబు కాదు.

సిల్క్ బోర్డు నుంచి పది కిలోమీటర్లు సాయంత్రం ట్రాఫిక్‌లో గంటకు 10 కిలోమీటర్ల వేగంతో వెళ్లావు, అదే దారిలో అర్ధరాత్రి 40 వేగంతో వెనక్కి వచ్చావు అనుకుందాం. సగటు వేగం ఎంత? క్లాసులో అడిగితే దాదాపు అందరూ 25 అంటారు. వెళ్లడానికి గంట, రావడానికి పావుగంట, మొత్తం 20 కిలోమీటర్లు 75 నిమిషాల్లో, అంటే గంటకు 16. నెమ్మదిగా నడిచిన రోడ్డు మీద ఎక్కువసేపు ఉన్నావు కాబట్టి ఆ 10కి బరువెక్కువ. మన బడుల్లో సగటు అంటే "అన్నీ కూడి ఎన్ని ఉన్నాయో దాంతో భాగించు" అని నేర్పి వదిలేస్తారు, ఏ అంకెకు ఎంత బరువో అడగమని చెప్పరు. నాకు ఎప్పుడూ బాధగా అనిపించే విషయం అది. ఎకానమీ కూడా వేగం లాంటిదే, అక్కడ కిలోమీటర్లకు బదులు పరుగులు, గంటలకు బదులు ఓవర్లు. స్ట్రైక్ రేట్ కూడా అంతే, వంద బంతులకు ఎన్ని పరుగులని.

బరువు పట్టించుకోకపోతే ఏమవుతుందో చూడు. ఒక బౌలర్ రెండు మ్యాచ్‌ల్లో నాలుగేసి ఓవర్లు వేసి 24 చొప్పున ఇచ్చాడు, ఎకానమీ రెండుసార్లూ 6.00. మూడో మ్యాచ్‌లో ఇంకెవరికో కాలు పట్టేసి ఓవర్ మధ్యలో వెళ్లిపోతే మిగిలిన ఒక్క బంతి ఇతను వేశాడు, దాన్ని సిక్స్ కొట్టారు. స్కోర్‌కార్డులో అది 0.1 ఓవర్, 6 పరుగులు, ఎకానమీ 36.00. మూడింటి సగటు 16! నిజానికి అతను 49 బంతుల్లో 54 పరుగులిచ్చాడు, అంటే ఓవర్‌కి 6.61. ఒక్క బంతికి 24 బంతులంత బరువు ఇచ్చినందుకు వచ్చిన తేడా ఇది. టోర్నమెంట్లలో నెట్ రన్ రేట్ కూడా మ్యాచ్‌ల వారీగా తీసి సగటు చేయరు, అన్ని మ్యాచ్‌ల పరుగులు, అన్ని మ్యాచ్‌ల ఓవర్లు కలిపాకే భాగిస్తారు.

ఇక కలిపేటప్పుడు ఓవర్లలో ఉండే ఆ చుక్క. అది దశాంశ బిందువు కాదు. 3.4 అంటే మూడు ఓవర్ల నాలుగు బంతులు, మొత్తం 22 బంతులు. ఎక్సెల్ షీటుకు ఈ సంగతి తెలియదు కదా, 3.4కి 2.5 కలిపి 5.9 అంటుంది. అసలు లెక్క 22కి 17 కలిపితే 39 బంతులు, అంటే 6.3 ఓవర్లు. 3.4 ఓవర్లలో 31 పరుగులిచ్చిన వాడి ఎకానమీ 8.45, షీటులో నేరుగా భాగిస్తే 9.12 వస్తుంది, పాపం అతను ఇవ్వని పరుగులు అతని ఖాతాలో పడతాయి. అందుకే ఓవర్లను రాగానే బంతులుగా మార్చేయాలి, ఆ తర్వాత ఓవర్ అనే మాట ఎత్తకూడదు. A2లో ఓవర్లు ఉంటే ఇలా రాస్తే సరి:

```
=INT(A2)*6+ROUND(MOD(A2,1)*10,0)
```

అందులో ROUND ఎందుకంటే, 3.4లోంచి 3 తీసేస్తే కంప్యూటర్ లోపల 0.4 కాకుండా 0.3999... లాంటిది మిగలవచ్చు. ఆ తర్వాత ఎవరైనా పూర్ణాంకం కోసం కత్తిరిస్తే నాలుగు బంతులు మూడవుతాయి.

ఇప్పుడు స్క్రీన్‌షాట్ల దగ్గరికి వద్దాం, అసలు పని అక్కడే ఉంది. వాట్సాప్‌లో నాలుగు చేతులు మారిన బొమ్మలో 8, 3, 5 ఒకేలా కనిపిస్తాయి. ఫోన్‌తో అక్షరాలు లాగితే 3.4లో చుక్క ఎగిరిపోయి 34 అవుతుంది, నాటౌట్ పక్కన ఉండే నక్షత్రం గుర్తు మాయమవుతుంది. పొడవైన కార్డును రెండు ముక్కలుగా తీసి పంపితే మధ్యలో ఉన్న ఆటగాడు రెండు బొమ్మల్లోనూ ఉంటాడు, అతని పరుగులు రెండుసార్లు పడతాయి. అయితే స్కోర్‌కార్డులో ఒక అందం ఉంది, తప్పు చదివితే అదే పట్టిస్తుంది. నాకైతే క్రికెట్‌లో ఇంతకంటే ఇష్టమైన విషయం లేదు.

2013 ఏప్రిల్ 23న మన చిన్నస్వామి స్టేడియంలో క్రిస్ గేల్ 66 బంతుల్లో 175 నాటౌట్ కొట్టాడు, పక్కన స్ట్రైక్ రేట్ 265.15 అని ఉంటుంది. ఆ 66ని ఎవరైనా 65 అని చదివితే స్ట్రైక్ రేట్ 269.23 రావాలి, పక్క గడితో కుదరదు. అంటే ఎకానమీ, స్ట్రైక్ రేట్ గడుల్ని కలపడానికి కాదు, సరిచూసుకోవడానికి వాడాలి. ప్రతి వరుసకూ భాగించి చూడు, తేడా వచ్చిన వరుసలోనే తప్పుంది.

ఇది అడ్డంగా. నిలువుగా ఇంకో తనిఖీ ఉంది. ఒక ఇన్నింగ్స్ 20 ఓవర్లలో 163 పరుగులు అనుకో. బ్యాటర్ల పరుగులు 149, ఎక్స్‌ట్రాలు 14, అందులో వైడ్లు 8, నోబాల్ 1, బైలు 2, లెగ్‌బైలు 3. వైడ్లు, నోబాల్ బౌలర్ ఖాతాలో పడతాయి, బైలు, లెగ్‌బైలు పడవు. కాబట్టి బౌలర్లందరి పరుగులూ కలిపితే 163లోంచి 5 పోను 158 రావాలి. నీకు 155 వచ్చిందా, మూడు ఎక్కడో పోయాయి. ఎకానమీ గడి చూసుకుంటూ పోతే ఒకచోట 4 ఓవర్లు, 35 పరుగులు, ఎకానమీ 9.50 కనిపిస్తుంది. నాలుగు ఓవర్లలో 35 అయితే 8.75 కదా, 9.50 రావాలంటే 38 ఉండాలి. దొరికింది! బంతులకూ ఇలాగే. వైడ్ బ్యాటర్ ఆడిన బంతిగా లెక్కకు రాదు, నోబాల్ వస్తుంది. కాబట్టి ఇక్కడ బ్యాటర్లు ఆడిన బంతులన్నీ కలిపితే 120కి ఆ ఒక్క నోబాల్ కలిసి 121 రావాలి. రాకపోతే ఆ కార్డును షీటులోకి ఎక్కించకు, మళ్లీ బొమ్మ తెరువు.

సరే, అంకెలన్నీ శుభ్రంగా ఎక్కాయి. ఇప్పుడు ఆ కుర్రాడి గొడవను రెండు మ్యాచ్‌లకు కుదించి, లెక్కకు సులువుగా ఉండే అంకెలతో చూద్దాం. మొదటి మ్యాచ్ పరుగుల పిచ్. ఆఫ్ స్పిన్నర్ 4 ఓవర్లలో 40 ఇచ్చాడు, ఎకానమీ 10. ఎడమచేతి పేసర్ ఒక్క ఓవరే వేసి 11 ఇచ్చాడు, ఎకానమీ 11. రెండో మ్యాచ్ బంతి ఆగి వచ్చే పిచ్. స్పిన్నర్ ఒక ఓవర్, 4 పరుగులు. పేసర్ 4 ఓవర్లు, 20 పరుగులు, ఎకానమీ 5. రెండు మ్యాచ్‌ల్లోనూ స్పిన్నరే మెరుగు, అవునా? ఇప్పుడు కలుపు. స్పిన్నర్ 5 ఓవర్లలో 44, ఎకానమీ 8.80. పేసర్ 5 ఓవర్లలో 31, ఎకానమీ 6.20. ప్రతి మ్యాచ్‌లోనూ ఓడినవాడు సిరీస్‌లో గెలిచాడు, అదీ భారీ తేడాతో!

మోసమేమీ లేదు. గణాంకశాస్త్రంలో దీన్ని సింప్సన్ పారడాక్స్ అంటారు. స్పిన్నర్ ఓవర్లలో ఎక్కువ భాగం అందరూ పరుగులిచ్చిన రోజున పడ్డాయి, పేసర్‌వి అందరూ కట్టడి చేసిన రోజున. కలిపిన ఎకానమీ బౌలర్‌నే కాదు, కెప్టెన్ అతనికి ఏ రోజు బంతి ఎక్కువ ఇచ్చాడో దాన్ని కూడా కొలుస్తోంది. టీముల్లో "వాడికి ఈ గ్రౌండ్ అచ్చిరాదు" అంటుంటారు చూడు, చాలాసార్లు ఆ రోజు ఆ గ్రౌండ్ ఏ బౌలర్‌కీ అచ్చిరాలేదన్న సంగతి ఎవరూ చూడరు.

దీనికి మందు కూడా స్క్రీన్‌షాట్లలోనే ఉంది. ఆ మ్యాచ్‌లో రెండు వైపులా బౌలర్లందరూ కలిసి ఎన్ని ఇచ్చారో తీసుకో. మొదటి మ్యాచ్‌లో 40 ఓవర్లలో 420, అంటే ఓవర్‌కి 10.5. రెండో మ్యాచ్‌లో 40 ఓవర్లలో 208, అంటే 5.2. స్పిన్నర్ స్థానంలో ఆ రోజుల్లో సగటుగా వేసే బౌలర్ ఉంటే ఎన్ని ఇచ్చేవాడు? నాలుగు పదిన్నరలు 42, దానికి 5.2 కలిపితే 47.2. స్పిన్నర్ ఇచ్చింది 44, అంటే 3.2 పరుగులు మిగిల్చాడు. పేసర్‌కి 10.5, దానికి నాలుగు 5.2లు 20.8 కలిపితే 31.3. అతను ఇచ్చింది 31, మిగిల్చింది 0.3. ఇప్పుడు స్పిన్నర్ పైకొచ్చాడు, సరైన కారణంతో వచ్చాడు. ఎకానమీల సగటు తీసినా ఇక్కడ 7కి 8తో స్పిన్నరే ముందుంటాడు, కానీ అది గుడ్డిగా తగిలిన జవాబు, పైన చెప్పిన ఒక్క బంతి బౌలర్ దగ్గర అదే పద్ధతి నట్టేట ముంచుతుంది.

బ్యాటింగ్‌కీ ఇదే లెక్క, కాకపోతే అక్కడ బ్యాట్ నుంచి వచ్చిన పరుగుల్నే తీసుకోవాలి. పరుగుల పిచ్ మీద బ్యాటర్లు సగటున బంతికి 1.7 కొట్టారనుకుంటే 30 బంతులకు 51. ఆ రోజు 30 బంతుల్లో 50 కొట్టినవాడు ఒక పరుగు వెనకబడ్డట్టే, స్ట్రైక్ రేట్ 166.67 ఉన్నా సరే. నెమ్మది పిచ్ మీద బంతికి 0.85 అయితే 30 బంతులకు 25.5. ఆ రోజు 30 బంతుల్లో 40 కొట్టినవాడు, స్ట్రైక్ రేట్ 133.33తో, టీముకు 14.5 పరుగులు అదనంగా తెచ్చాడు. వీళ్లిద్దరినీ స్ట్రైక్ రేట్ ప్రకారం నిలబెడితే వరుస తలకిందులైనట్టే.

అయితే కప్పు విషయంలో తొందరపడకు. 3.2కీ 0.3కీ మధ్య తేడా మూడు పరుగులు కూడా లేదు, థర్డ్ మ్యాన్ వైపు ఎడ్జ్ తగిలి పోయే ఒక్క ఫోర్ దాన్ని తిప్పేస్తుంది. ఐదు ఓవర్లు చాలా తక్కువ. కనీసం ఇన్ని బంతులు వేసి ఉండాలని సిరీస్ మొదట్లోనే గీత గీసుకోండి, అంకెలు చూశాక గీస్తే ఎవరికో ఒకరికి అనుకూలంగా గీస్తారు. ఇంకొకటి, స్కోర్‌కార్డులో ఎన్ని ఓవర్లు వేశాడో ఉంటుంది కానీ ఏ ఓవర్లు వేశాడో ఉండదు. 18, 20 ఓవర్లు వేసేవాడికీ, ఫీల్డ్ విప్పుకున్నాక 8, 10 వేసేవాడికీ ఒకే పోలిక పెడితే చివరి ఓవర్ల బౌలర్‌కి అన్యాయం జరుగుతుంది. అది సరిచేయాలంటే స్క్రీన్‌షాట్లు చాలవు. మీ స్కోరర్ దగ్గర బంతి బంతికీ రాసిన చిట్టా ఉంటే అది అడిగి తెప్పించుకో, మ్యాచ్ రేటుకు బదులు ఆ ఓవర్ల రేటు పెట్టి ఇదే తీసివేత చెయ్యి.