శక్తికి వెల కట్టడం: సూపర్ హీరో పుట్టుక కథపై అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఉంటూ కామిక్స్‌కి కథలు రాస్తుంటాను. నా హీరో పేరు ముని. వాడు శక్తి వాడి చెవి పెడితే, జనంలో ఎక్కడ ఎవరు ఆపదలో ఉండి అరిచినా వినిపిస్తుంది. వాడి కథే ఉదాహరణగా చెబుతాను.

అపోహ: హీరోకి ఒక బలహీనత ఉంటే చాలు.

వాస్తవం: బలహీనత విలన్ తెచ్చి ఎదురుగా పెట్టినప్పుడే పనికొస్తుంది. వెల అలా కాదు, శక్తి వాడిన ప్రతిసారీ హీరోనే కట్టుకోవాలి. మొదటి డ్రాఫ్టులో శక్తి వాడితే మునికి ముక్కులోంచి రక్తం కారేది. మరుసటి భాగంలో లేచి మామూలుగా తిరిగేవాడు. ఆ రక్తాన్ని తీసేసి చదివితే కథలో ఒక్క సీను కూడా మారలేదు. అంటే అది వెల కాదన్నమాట. మీ కథనీ ఇలాగే పరీక్షించి చూడండి.

అపోహ: పుట్టుక కథలో ఒక విషాదం పెడితే అదే హీరోని నడిపిస్తుంది.

వాస్తవం: జరిగిపోయిన విషాదం జ్ఞాపకంగా మిగులుతుంది, మూడో కథకి చల్లారిపోతుంది. శక్తి వచ్చిన సన్నివేశంలోనే మొదటి వెల కూడా కట్టించాలి. ఆలస్యంగా చెబితే, కథ అవసరానికి కొత్త రూల్ పెట్టారని పాఠకుడికి అనిపిస్తుంది.

అందుకే మళ్లీ రాశాను. తాతయ్యగుంట గంగమ్మ జాతర. ముని బండవేషంలో, ఒళ్లంతా కుంకుమతో ఉన్నాడు. "రేయ్ మునీ, చెల్లెలి చెయ్యి వదలొద్దురా" అని అమ్మ అరిచింది. చెయ్యి జారిపోయింది. అంత డప్పుల మోతలోనూ చెల్లెలి ఏడుపొక్కటే వాడికి విడిగా వినిపించింది. ఎత్తుకుని తెచ్చాడు. అమ్మ ఏడుస్తూ ఏదో అంటోంది. పెదాలు కదులుతున్నాయి, మాట వినిపించడం లేదు. ఇక ఎప్పటికీ వినిపించదు.

శక్తి వాడే ముందు తనని చివరగా పేరు పెట్టి పిలిచినవాళ్ల గొంతు వాడికి శాశ్వతంగా పోతుంది. రూల్ ఇంత చిన్న వాక్యంలో పట్టాలి. ఆయుష్షులో ఏడాది తగ్గుతుంది లాంటి వెల పెద్దదే గానీ, బొమ్మలో చూపించలేం. వంటింట్లో అమ్మ జారిపడి పిలిచినా పక్కగదిలో ముని పుస్తకం చదువుకుంటూనే ఉండటం ఒక్క పేజీలో గీయొచ్చు.

అపోహ: రూల్లో కంత ఉంటే పూడ్చేయాలి.

వాస్తవం: నా దగ్గరా ఒకరు అడిగారు, "ముందుగా ఎవరో పరాయివాడి చేత పిలిపించుకుంటే సరిపోతుంది కదా?" అని. పూడ్చకుండా దాన్నే తర్వాతి కథ చేశాను. ఒక రాత్రి అలిపిరి మెట్ల దారిలో ఎవరో తప్పిపోయారని మునికి తెలిసింది. అప్పుడే చెల్లెలు "మునన్నా" అని పిలిచి లోపలికెళ్లింది. ముని పరిగెత్తి, టీకొట్టు తాతని "ఒక్కసారి నా పేరు పిలువు తాతా" అని అడిగాడు. ఆయన నవ్వుతూ పిలిచాడు. ప్రాణం నిలిచింది, చెల్లెలి గొంతూ మిగిలింది.

నెల తర్వాత ముని రోడ్డు దాటుతున్నాడు. వెనకనుంచి బస్సు వస్తోంది. దాన్ని చూసినవాడు ఆ తాత ఒక్కడే, గొంతు చించుకుని అరుస్తున్నాడు.