లాగ్ లెక్కలో చెల్లని మూలం: అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడిలో ప్లస్ టూ సైన్స్ పిల్లలకి లెక్కలు చెబుతాను. ఒడిశా బోర్డు వాళ్ళూ, బోర్డర్ దాటి పాతపట్నం నుంచి వచ్చే ఇంటర్ వాళ్ళూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. పుస్తకాలు వేరైనా లాగ్ సమీకరణాల దగ్గర మాత్రం అందరి అపోహలూ ఒకేలా ఉంటాయి. వాటిని ఈ ఒక్క లెక్కతో చూద్దాం:

log₂(3 − x) + log₂(1 − x) = 3

అందరికీ వచ్చిన పద్ధతే. రెండు లాగ్‌లు కలిపితే log₂[(3 − x)(1 − x)] = 3. లాగ్ తీసేస్తే (3 − x)(1 − x) = 8. గుణించి సర్దితే x² − 4x − 5 = 0. మూలాలు 5, −1.

అపోహ: మైనస్ వచ్చిన మూలాన్ని కొట్టేయాలి.

ఇక్కడ చాలామంది కళ్ళు మూసుకుని −1 కొట్టేసి, 5కి బాక్స్ కట్టేస్తారు. సరిగ్గా తిరగేశారు. x = −1 పెట్టి చూడండి: లాగ్‌ల లోపల 4, 2 వస్తాయి. log₂4 + log₂2 = 2 + 1 = 3. చక్కగా సరిపోయింది. x = 5 పెడితే లోపల −2, −4. రుణ సంఖ్యకి వాస్తవ సంఖ్యల్లో లాగ్ లేదు. కాబట్టి పోవాల్సింది 5, ఉండాల్సింది −1.

ధనాత్మకంగా ఉండాల్సింది x కాదు, లాగ్ లోపల ఉన్న మొత్తం. తరగతిలో మొదట చేసే ఉదాహరణల్లో log x అనే పదం ఎక్కడో ఒక చోట ఉంటుంది, అక్కడ రెండూ ఒకటే అవుతాయి. ఈ అలవాటు అక్కడి నుంచే పట్టుకుంటుందని నా అనుమానం.

అపోహ: చెల్లని మూలం వచ్చిందంటే మధ్యలో ఎక్కడో లెక్క తప్పింది.

"మాస్టారూ, అన్ని మెట్లూ కరెక్టే కదా, మరి 5 ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగే పిల్లలుంటారు. మంచి ప్రశ్న, ఎందుకంటే మెట్లన్నీ నిజంగానే కరెక్టు.

సంగతంతా రెండు లాగ్‌లను ఒకటి చేసిన మెట్టులో ఉంది. కలపక ముందు సమీకరణం రెండు షరతులు పెట్టింది: 3 − x ధనాత్మకం కావాలి, 1 − x కూడా ధనాత్మకం కావాలి. కలిపాక మిగిలింది ఒక్కటే షరతు: వాటి లబ్ధం ధనాత్మకం కావాలి. రెండూ రుణాత్మకమైనా లబ్ధం ధనాత్మకమే. అందుకే (−2)(−4) = 8 అని 5 దర్జాగా లోపలికి వచ్చేసింది. మొదటి సమీకరణానికి మూలమైన ప్రతిదీ రెండోదానికీ మూలమే. రెండోదాని మూలాలన్నీ మొదటిదానివి కానక్కర్లేదు. ఆ మెట్టు ఎక్కొచ్చు, వెనక్కి దిగే హామీ లేదు.

ఇంకొంచెం లోపలికి వెళితే, ఈ 5 ఏ ఊరూ పేరూ లేని సంఖ్య కాదని తెలుస్తుంది. రెండు కుండలీకరణాల్లోనూ గుర్తులు తిప్పి log₂(x − 3) + log₂(x − 1) = 3 అని రాసి చూడండి. x = 5 దగ్గర log₂2 + log₂4 = 3. అంటే 5 ఈ రెండో ప్రశ్నకి అసలైన జవాబు! లాగ్‌లు తీసేశాక రెండు ప్రశ్నలకీ x² − 4x − 5 = 0 అనే వర్గ సమీకరణమే వస్తుంది. మనం ఏ ప్రశ్నతో మొదలుపెట్టామో దానికి గుర్తుండదు. అందుకని ఇద్దరి జవాబులూ కలిపి చేతిలో పెడుతుంది. ఏది మనదో మనమే ఏరుకోవాలి.

తీసివేతలోనూ ఇదే కథ. log A − log B ని log(A/B) చేసినప్పుడు, A, B రెండూ రుణాత్మకమైనా భాగఫలం ధనాత్మకంగానే కనిపిస్తుంది.

అపోహ: వర్గ సమీకరణంలో పెట్టి చూస్తే సరిచూసినట్టే.

x² − 4x − 5 లో 5 పెడితే 25 − 20 − 5 = 0. పాసైంది. పాసవకుండా ఎలా ఉంటుంది, అక్కడి నుంచే కదా తెచ్చాం! ఆ చెకింగ్‌తో మూలాలు సరిగ్గా కనుక్కున్నామా లేదా అన్నదే తెలుస్తుంది. పెట్టాల్సింది ప్రశ్నలో ఇచ్చిన మొదటి సమీకరణంలో, లాగ్‌లు ఇంకా కలపని రూపంలో. log₂[(3 − x)(1 − x)] దగ్గర ఆగి చూసినా 5 దొరకదు, అప్పటికే అది లోపలికి వచ్చేసింది.

నేను పిల్లల చేత లెక్క మొదలుపెట్టకముందే పక్కన ఒక లైను రాయిస్తాను. 3 − x > 0 అంటే x < 3. 1 − x > 0 అంటే x < 1. రెండూ కావాలి కనుక x < 1. చివర్లో 5, −1 వచ్చినప్పుడు ఈ లైను వైపు ఒక్క చూపు చాలు. మూలాలు 1 + √5 లాంటివి వచ్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది. log₂x + log₂(x − 2) = 2 చేస్తే 1 ± √5 వస్తాయి. ముందే x > 2 అని రాసుకున్నవాళ్ళకి 3.236 ఉంటుందని, −1.236 పోతుందని వెంటనే కనిపిస్తుంది. √5 తో లాగ్‌లు కట్టనక్కర్లేదు.

అయితే ఈ లైను, మూలం పరిధిలో ఉందా అన్నది మాత్రమే చెబుతుంది. గుణకారంలో తప్పు చేసి ఉంటే అది పట్టుకోదు. అంకెలు తేలికగా ఉన్నప్పుడు విలువలు కూడా పెట్టి ఎడమ వైపు నిజంగా 3 వస్తోందా చూడండి.

అపోహ: ప్రతి లాగ్ సమీకరణంలోనూ ఒక మూలం పోతుంది.

ఇది భయంలోంచి పుట్టింది. log₂(x² − 2x) = 3 చూడండి. x² − 2x = 8, మూలాలు 4, −2. రెండూ చెల్లుతాయి. ఒకే లాగ్ ఒక సంఖ్యకి సమానమైనప్పుడు, లోపలి మొత్తం 2³ = 8 అయి తీరాలి. 8 ధనాత్మకమే కనుక చెల్లని మూలం వచ్చే దారే లేదు. −2 ని కొట్టేస్తే మార్కు పోయినట్టే.

అపోహ: చివర్లో సరిచూసుకుంటే ఏ పొరపాటైనా దొరుకుతుంది.

చెల్లని మూలం వచ్చి చేరితే దొరుకుతుంది. అసలు మూలమే పోతే? log₁₀(x²) = 2 ని 2 log₁₀x = 2 అని రాసేవాళ్ళు x = 10 తెచ్చి, అసలు ప్రశ్నలో పెట్టి చూసుకుని, సరిపోయిందని సంతోషపడతారు. −10 కూడా జవాబే: దాని వర్గం 100, log₁₀100 = 2. ఘాతాన్ని ముందుకు లాగినప్పుడు షరతు ఈసారి బిగుసుకుంది. x² కి x సున్నా కాకుంటే చాలు, log x కి మాత్రం x ధనాత్మకమే కావాలి. బయటికి పోయిన మూలాన్ని ఏ చెకింగూ తిరిగి తేలేదు, ఎందుకంటే చెక్ చేయడానికి అది చేతిలోనే ఉండదు. ఇలాంటి చోట log x² ని 2 log|x| అని రాయాలి. లేదంటే ఘాతం జోలికి పోకుండా నేరుగా x² = 100 అనేయాలి.