"టెస్ట్ పాసైంది కదా సార్": లైన్ కోడింగ్‌పై అపోహలు, వాస్తవాలు

"రెండు వైపులా ఒకే సెట్టింగు ఉంది. టెస్టర్ పెడితే ఒక్క తప్పూ రాలేదు. అయినా ఫైళ్లు వెళ్లడం లేదు సార్." టెలిఫోను కంపెనీల ఈ1 డిజిటల్ లింకుల మీద పనిచేసే కుర్రాళ్లు నాకు ఫోను చేసి చెప్పే మాట ఎక్కువసార్లు ఇదే. వెనకాల మేనేజరు అరుపులు కూడా వినిపిస్తుంటాయి. తప్పు సాధారణంగా వాళ్లది కాదు, లైన్ కోడింగ్ గురించి, అంటే బిట్లను లైను మీద సిగ్నల్‌గా మార్చే పద్ధతి గురించి, వాళ్లకు ఎవరో నూరిపోసిన నమ్మకానిది.

అపోహ: ఏఎంఐ అనే లైన్ కోడ్‌లో పల్సులు ప్లస్, మైనస్‌గా మారుతూనే ఉంటాయి కాబట్టి, బిట్లను ఎప్పుడు చదవాలో చెప్పే క్లాక్ రిసీవర్‌కు దానంతట అదే దొరుకుతుంది.

మారేది ఒకట్లు వచ్చినప్పుడు మాత్రమే. ఏఎంఐలో సున్నా అంటే లైను మీద ఏమీ లేకపోవడం. ప్లస్, మైనస్ మార్పు వల్ల దక్కేవి వేరే: లైను మీద డీసీ పేరుకోదు, కాబట్టి సిగ్నల్ ట్రాన్స్‌ఫార్మర్ దాటగలదు, ఒకే గుర్తుతో రెండు పల్సులు వరసగా వస్తే ఎక్కడో తప్పు జరిగిందని తెలుస్తుంది. క్లాక్ సంగతికొస్తే, వరసగా సున్నాలు పంపితే రిసీవర్‌కు పట్టుకోవడానికి ఏ ఆధారమూ ఉండదు.

ఈ1 వేగం సెకనుకు 20,48,000 బిట్లు, అంటే ఒక బిట్‌కు సుమారు 488 నానోసెకన్లు. పాత పద్ధతి రిసీవర్ వచ్చిన పల్సులను రెక్టిఫై చేసి, 2.048 మెగాహెర్ట్జ్‌కు ట్యూన్ చేసిన సర్క్యూట్‌కు ఇస్తుంది. ప్రతి పల్సూ దానికి ఒక తోపు. గుడి గంటను కొట్టడం ఆపాక మోత సన్నగిల్లినట్టే, పల్సులు ఆగితే ఆ ఊగడమూ సన్నగిల్లుతుంది. ఎంతసేపు ఊగుతుందో చెప్పే క్యూ విలువ 80 ఉన్న సర్క్యూట్ 15 సున్నాల తర్వాత కూడా సగానికి పైగా ఊగుతూనే ఉంటుంది. 80 సున్నాలకు 4 శాతానికి పడిపోతుంది. రెండు వందలు దాటితే మిగిలేది నాయిసే.

ఇక టెస్టర్ ఎందుకు పాసవుతుందో చూడండి. ఈ1కు మామూలుగా పెట్టే 2^15−1 అనే పరీక్ష బిట్ల ప్యాటర్న్‌లో వరసగా వచ్చే సున్నాలు ఎక్కువలో ఎక్కువ 15. అంత ఖాళీని ఏ రిసీవరైనా తట్టుకుంటుంది. అది లైను బాగుందని చెప్పే పరీక్షే కానీ మీ డేటాను లైను మోయగలదని చెప్పే పరీక్ష కాదు.

ఏఎంఐ మీద నడిచే ఒక బ్యాంకు శాఖ లింకులో ఇదే జరిగింది. ఈమెయిళ్లు వెళ్తాయి, లావాదేవీలు నడుస్తాయి, రాత్రి బ్యాకప్ ఫైలు మాత్రం ఎప్పుడూ 62 శాతం దగ్గరే ఆగిపోతుంది. వానకు తీగ తడిసిందన్నారు, ఎర్తింగ్ అన్నారు, కార్డు మార్చారు. ఆ శాఖలో పనిచేసే కుర్రాడు రెండు రాత్రులు ఇంటికే వెళ్లలేదు. నన్ను ఆపింది ఆ 62 శాతమే. తడిసిన తీగకు ఫైలులో ఎంత భాగం వెళ్లిందో ఎలా తెలుస్తుంది? ఆ ఫైలులో సరిగ్గా అక్కడ ఖాళీ పేజీలు ఉన్నాయి, అంటే వేల కొద్దీ సున్నాలు. రౌటర్ ప్యాకెట్లను చుట్టి పంపడానికి వాడే హెచ్‌డీఎల్‌సీ ఐదు ఒకట్ల తర్వాత ఒక సున్నా చేరుస్తుంది కానీ సున్నాల వరసను మాత్రం విరగ్గొట్టదు. ఈ1 ఫ్రేములో 256 బిట్లు, ఎనిమిదేసి చొప్పున 32 స్లాట్లు. మొదటి స్లాటులోని ఫ్రేమింగ్ బిట్లు పోతే మిగిలిన 31 స్లాట్లలో 248 సున్నాలు, అంటే 121 మైక్రోసెకన్ల నిశ్శబ్దం. రౌటర్ తీగ వెళ్లి చేరే మల్టీప్లెక్సర్ పోర్టు అంతలోనే సిగ్నల్ పోయిందని అలారం ఇచ్చి తేరుకునేది. పోయిన ప్యాకెట్‌ను టీసీపీ మళ్లీ పంపేది, అవే సున్నాలతో. మళ్లీ అదే కథ.

అంతకు ముందు ఏళ్ల తరబడి అదే పోర్టు ఏఎంఐలోనే టెలిఫోను ఎక్స్‌చేంజీని నడిపింది. ఎందుకు నడవదు? ఏ-లా వాయిస్ కోడులో ఒకటి విడిచి ఒకటి బిట్లను తిరగేసి పంపుతారు. ఎవరూ మాట్లాడకపోయినా 11010101 లాంటి బైట్లే వెళ్తుంటాయి, రిసీవర్‌కు పల్సుల కొరత రాదు. "ఇన్నాళ్లూ బాగానే ఉంది కదా" అనే వాదనకు నా దగ్గర ఓపిక లేదు. ఇన్నాళ్లూ ఆ లైను మీద వెళ్లింది మాటలు, ఇప్పుడు వెళ్లేది ఫైళ్లు.

దీనికి మందు హెచ్‌డీబీ3 అనే లైన్ కోడ్. వరసగా నాలుగు సున్నాలు వస్తే నాలుగోదాని చోట ఒక పల్సును, ముందున్న పల్సు గుర్తుతోనే, కావాలని నియమం తప్పి పంపుతుంది. డీసీ పేరుకోకుండా అవసరమైతే మొదటి సున్నా చోట కూడా ఒక పల్సు చేరుస్తుంది. రిసీవర్ ఆ ఉల్లంఘనను గుర్తుపట్టి నాలుగు సున్నాలుగా మార్చుకుంటుంది. దాంతో లైను మీద మూడుకు మించి ఖాళీలు ఉండవు.

అనుమానం వస్తే రౌటర్‌లో ఎక్స్‌టెండెడ్ పింగ్ పెట్టి, డేటా ప్యాటర్న్ అడిగినప్పుడు `0x0000` ఇవ్వండి, ప్యాకెట్ సైజు 1500 పెట్టండి. సిస్కోలో అప్రమేయంగా ఉండే `0xABCD`లో రెండుకు మించి సున్నాలు కలిసి రావు, అందుకే అది ఏమీ పట్టించదు. ABCD వెళ్లి సున్నాలు వెళ్లకపోతే లైన్ కోడ్ చూడండి:

```
controller E1 0/0
 linecode hdb3
```

మార్చాల్సింది ఆ తీగ రెండు కొనల్లోనే. రౌటర్‌కు అవతలి కొన పక్క గదిలోని మల్టీప్లెక్సర్ పోర్టు. దూరపు ఊరిలోని రౌటర్‌తో దీనికి సంబంధం లేదు. ఒక కొన మార్చి రెండోది వదిలేస్తే `Line Code Violations` లెక్క పరుగెడుతుంది. మార్చేటప్పుడు లింకు కాసేపు పోతుందని భయపడకండి, రెండో కొన మార్చగానే వస్తుంది. అదే లింకు మీదుగా లాగిన్ అయి మార్చేవాళ్లు మాత్రం ఆ తీగకు తమకు అవతల ఉన్న కొన ముందు మార్చాలి.

అపోహ: స్లిప్పులు వస్తున్నాయంటే లైన్ కోడ్ తప్పు.

కాదు. రెండు వైపులా ఎవరి సొంత క్లాక్ మీద వాళ్లు నడుస్తుంటే వచ్చేవి స్లిప్పులు. తేడా 50 పీపీఎం, అంటే పది లక్షలకు 50 ఉంటే సెకనుకు 102 బిట్లు జరుగుతాయి, రెండున్నర సెకన్లకు ఒక ఫ్రేము పోతుంది. డేటా ఏదైనా సరే, తప్పులు గడియారం కొట్టినట్టు అదే వ్యవధిలో వస్తుంటే క్లాక్ సోర్సు చూడండి. తప్పులు ఫలానా ఫైలుకే వస్తుంటే లైన్ కోడ్ చూడండి.

అపోహ: మాంచెస్టర్ అన్నిటికంటే మంచిది, ఎన్ఆర్‌జెడ్ పాతబడింది.

మాంచెస్టర్‌లో ప్రతి బిట్ మధ్యలో మార్పు ఉంటుంది, క్లాక్ పోయే ప్రశ్నే లేదు. కానీ దానికి రెట్టింపు బ్యాండ్‌విడ్త్ కావాలి. 10 మెగాబిట్ ఈథర్నెట్ దాన్ని భరించింది, 100కు వచ్చేసరికి వదిలేసింది. పాతబడిందంటున్న ఎన్ఆర్‌జెడ్ ఒకటికి ఒక స్థాయిని, సున్నాకు మరో స్థాయిని పట్టి ఉంచుతుంది, 10 గిగాబిట్ ఫైబర్ మీద నేటికీ నడుస్తోంది. దాని ముందు బిట్లను కలగాపులగం చేసే స్క్రాంబ్లర్, 64బీ/66బీ అనే కోడింగ్ ఉంటాయి, మార్పులను తెచ్చే పని వాటిది. ఎన్ఆర్‌జెడ్‌కు సున్నాల వరస ఎంత ప్రమాదమో ఒకట్ల వరసా అంతే. ఏఎంఐ నేర్చుకుని వచ్చినవాళ్లు ఈ రెండోదాన్ని మరిచిపోతారు.

ల్యాబ్ పరీక్షలున్న విద్యార్థులకు ఒక మాట. ఆసిలోస్కోప్‌లో మీ మాంచెస్టర్ తరంగం పుస్తకంలో ఉన్నదానికి తలకిందులుగా కనిపిస్తే కిట్ పాడైందని కంగారు పడకండి. ఈథర్నెట్ పద్ధతిలో బిట్ మధ్యలో పైకి లేస్తే ఒకటి, పాత పుస్తకాల్లోని మరో పద్ధతిలో అదే సున్నా. రెంటిలోనూ మార్పు మధ్యలోనే ఉంటుంది కాబట్టి క్లాక్‌కు తేడా ఏమీ రాదు. ఏ పద్ధతిలో గీశారో జవాబు పత్రంలో రాయండి.