పడుకునే ముందు గ్లాసు పాలు: ఈ అలవాటు ఎక్కడినుంచి వచ్చింది?

షుగర్ ఉన్నవాళ్ళు రాత్రి ఖాళీ కడుపుతో పడుకోకూడదన్న మాట మన ఇళ్ళల్లో బాగా పాతుకుపోయింది. మెట్‌ఫార్మిన్ మాత్ర ఒక్కటే వేసుకునేవాళ్ళు కూడా పదింటికి నాలుగు బిస్కెట్లు తిని పడుకుంటారు. ఆ మాత్ర ఒక్కదానితో షుగర్ పడిపోవడం చాలా అరుదు కాబట్టి వాళ్ళకు ఆ బిస్కెట్ల అవసరం లేదు. ఈ జాగ్రత్త ఒకప్పటి ఇన్సులిన్ కోసం పుట్టింది. ఆ ఇన్సులిన్ మారినా జాగ్రత్త మాత్రం అందరికీ అంటుకుని ఉండిపోయింది.

1922లో టొరంటోలో మొదటిసారి రోగులకు ఇచ్చిన ఇన్సులిన్ కొన్ని గంటలే పనిచేసేది. రోజుకు రెండు మూడు సూదులు తప్పేవి కావు. 1936లో డెన్మార్క్‌లో హాగెడోర్న్ చేప వీర్యం నుంచి తీసిన ప్రోటమిన్‌ను ఇన్సులిన్‌కు కలిపి, అది ఒంట్లోకి మెల్లగా చేరేలా చేశాడు. ఆ ఏడాదే టొరంటో వాళ్ళు దానికి జింక్ కూడా జోడించడంతో దాని ప్రభావం ఒక రోజు దాటి నిలిచింది. రోజుకు ఒక్క సూది చాలన్నది రోగులకు పెద్ద ఊరట. ఇబ్బందల్లా, పొద్దున పొడిచిన మందు అర్ధరాత్రి కూడా పనిచేస్తూనే ఉండడం. మనిషి తినకుండా నిద్రపోతుంటే మందు మాత్రం షుగర్‌ను లాగేస్తూ ఉంటుంది. అందుకే డాక్టర్లు పడుకునే ముందు ఏదైనా తినమని రాసివ్వడం మొదలుపెట్టారు. మందు తోక పొడుగైనందుకు దానికి తిండిని ఎదురు పెట్టారన్నమాట.

అసలు తినాలో లేదో చూసి తేల్చుకోవచ్చు కదా అనిపిస్తుంది. అప్పట్లో చూసే దారే లేదు. ఇంట్లో చేసుకోగలిగింది మూత్ర పరీక్ష ఒక్కటే. నీలంగా ఉండే బెనెడిక్ట్ ద్రావణంలో ఎనిమిది చుక్కల మూత్రం వేసి కాచేవారు. రంగు ఆకుపచ్చకు, పసుపుకు, చివరికి ఇటుక ఎరుపుకు తిరిగితే షుగర్ ఉన్నట్టు, నీలంగానే ఉంటే లేనట్టు. కానీ రక్తంలో షుగర్ సుమారు 180 దాటితేనే అది మూత్రంలోకి దిగుతుంది. కాబట్టి రాత్రి పదింటికి నీలం కనిపిస్తే రక్తంలో 150 ఉండొచ్చు, 55 కూడా ఉండొచ్చు. ఈ రెంటికీ తేడా చెప్పలేని పరీక్షను నమ్మి తిండి మానేయమనడానికి ఏ డాక్టరుకు ధైర్యం చాలుతుంది? అందరినీ తినమనడమే క్షేమం. నా లెక్కలో ఈ అలవాటు ఇంత గట్టిగా నిలబడడానికి అసలు కారణం ఇదే, మందు కన్నా పరీక్ష లేకపోవడం.

రక్తంలో షుగర్‌ను నేరుగా చూపే మీటర్లు 1970 ప్రాంతంలో వచ్చినా, అవి ఇళ్ళకు చేరేసరికి ఆ దశాబ్దం చివరికొచ్చింది. 1993లో అమెరికాలో డీసీసీటీ అధ్యయనం ఫలితాలు వెలువడ్డాయి. టైప్ 1 వాళ్ళలో షుగర్‌ను గట్టిగా అదుపులో పెడితే కళ్ళు, కిడ్నీలు, నరాలు దెబ్బతినడం బాగా తగ్గింది. కానీ పక్కవాళ్ళ సాయం లేనిదే కోలుకోలేనంతగా షుగర్ పడిపోవడం మూడింతలయింది. అలాంటి ఘటనల్లో సగానికి పైగా నిద్రలోనే జరిగాయని అదే అధ్యయనం చూపింది. మెలకువగా ఉంటే చెమట, వణుకు, గుండెదడ ముందే హెచ్చరిస్తాయి. నిద్రలో శరీరం అడ్రినలిన్‌ను అంతగా వదలదు కాబట్టి చాలామందికి మెలకువే రాదు. పొద్దున లేచేసరికి తడిసిన బనియను, తలనొప్పి, పీడకల గుర్తు ఉంటే రాత్రి షుగర్ పడిందేమోనని అనుమానించాలి.

మీటరు వచ్చాక అసలు ప్రశ్న అడగడం కుదిరింది: ఎంత ఉంటే తినాలి? 2003లో కెనడా పరిశోధకులు భోజనాలకు ముందు త్వరగా పనిచేసే లిస్‌ప్రో ఇన్సులిన్ తీసుకునే టైప్ 1 పెద్దవాళ్ళలో దీన్ని పరీక్షించారు. పడుకునేటప్పుడు 180 దాటి ఉంటే తినాల్సిన పని లేదని, 126 నుంచి 180 మధ్య ఉంటే ఏది తిన్నా సరిపోతుందని, 126 కన్నా తక్కువైతే మామూలు చిరుతిండో, ప్రోటీన్ ఉన్నదో తినాలని తేలింది. ఈ అంకెలు ఆ మందు వాడినవాళ్ళవి. మనవాళ్ళలో చాలామంది వాడేది త్వరగా పనిచేసే ఇన్సులిన్‌నూ మెల్లగా పనిచేసేదాన్నీ కలిపిన 30/70 మిక్స్, దాని లెక్క వేరు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకాయన రాత్రి 8 గంటలకు 30/70 మిక్స్ 20 యూనిట్లు వేసుకుని, ఎనిమిదిన్నరకు భోంచేసి, పదిన్నరకు పడుకోబోతూ వేలు గుచ్చి చూశాడు. 104 వచ్చింది. చూడ్డానికి ముచ్చటైన అంకె. కానీ ఆ 20లో 6 యూనిట్లు త్వరగా పనిచేసే రెగ్యులర్, 14 యూనిట్లు మెల్లగా పనిచేసే ఎన్‌పీహెచ్. హాగెడోర్న్ ప్రోటమిన్ మందుకు 1940లలో వచ్చిన వారసుడే ఈ ఎన్‌పీహెచ్. వేసుకున్న నాలుగు గంటల నుంచి పది గంటల దాకా, అంటే అర్ధరాత్రి నుంచి పొద్దున ఆరు దాకా అది జోరుగా పనిచేస్తుంది. రెగ్యులర్ ప్రభావం కూడా ఇంకా పూర్తిగా పోలేదు. తిన్న అన్నం మాత్రం అర్ధరాత్రికల్లా దాదాపు అరిగిపోతుంది. పైగా మీటరు 104 చూపిందంటే అసలు షుగర్ 90 కూడా కావచ్చు, 15 శాతం అటూ ఇటూ చూపడం దానికి అనుమతి ఉన్నదే. కాబట్టి ఈయన తినే పడుకోవాలి. గ్లాసు పాలు, రెండు మేరీ బిస్కెట్లు తింటే రమారమి 20 గ్రాముల పిండిపదార్థం వస్తుంది.

అదే 66 ఉంటే పాలు, బిస్కెట్లతో మొదలుపెట్టకూడదు, అవి మెల్లగా అరుగుతాయి. మూడు టీస్పూన్ల పంచదార నీళ్ళలో కలిపి తాగి, పావుగంట ఆగి మళ్ళీ చూసుకుని, 70 దాటాక అప్పుడు చిరుతిండి తినాలి. మనిషి మత్తుగా ఉండి మింగలేకపోతుంటే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

మన ఇళ్ళల్లో మరో చిక్కుంది. తొమ్మిదిన్నరకు తిని పదిన్నరకు పడుకునేవాళ్ళకు ఆ గంటలో కనిపించే 170 రాత్రంతా నిలిచే అంకె కాదు, అన్నం ఎక్కించిన షుగర్. దాన్ని చూసి నిశ్చింతగా పడుకోలేం. అలాంటివాళ్ళు రెండు మూడు రాత్రులు తెల్లవారుజామున 2, 3 గంటల మధ్య అలారం పెట్టుకుని ఒకసారి చూసుకుంటే విషయం తేలుతుంది. అప్పుడు 70 లోపు కనిపిస్తే, లేదా ప్రతి రాత్రీ తింటే గాని నిలవకపోతే, తప్పు తిండిది కాదు, రాత్రి డోసుది. తిండి పెంచుకుంటూ పోతే లావెక్కడం తప్ప ఒరిగేదేమీ లేదు. డాక్టరుకు ఆ అంకెలు చూపిస్తే మామూలుగా డోసు 10 నుంచి 20 శాతం తగ్గిస్తారు, లేదా మందు రకం మారుస్తారు. 2000లో వచ్చిన గ్లార్జిన్ లాంటి ఇన్సులిన్‌లకు ఎన్‌పీహెచ్ లాంటి పెద్ద ఉద్ధృతి లేదు కాబట్టి రాత్రిళ్ళు పడిపోవడం తగ్గుతుంది, ఖర్చు మాత్రం పెరుగుతుంది. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ మాత్రలు వేసుకునేవాళ్ళకు, ముఖ్యంగా కిడ్నీలు బలహీనపడిన పెద్దవాళ్ళకు, ఇన్సులిన్ లేకపోయినా ఈ భయం ఉంటుంది. సాయంత్రం మద్యం తాగినా, బాగా ఒళ్ళలిసే పని చేసినా ఆ రాత్రికి అదే మాట.

ఇప్పుడు చేతికి అతికించుకునే సెన్సర్లు రాత్రంతా గీత గీసి చూపిస్తున్నాయి. సెన్సర్ ఉన్న చేతిమీద ఒత్తిగిలి పడుకుంటే అది నొక్కుకుపోయి, షుగర్ బాగానే ఉన్నా పడిపోయినట్టు చూపుతుంది. ఒంట్లో బాగానే ఉండి అలారం మోగితే చేయి తీసి పక్కకు తిరిగి, వేలు గుచ్చి చూసుకున్నాకే పంచదార డబ్బా దగ్గరికి వెళ్ళాలి. చెమట, వణుకు, తికమక ఉంటే మాత్రం పరీక్ష కోసం ఆగకుండా ముందు పంచదార నీళ్ళు తాగాలి.