వంటగదిలో కెమెరా ఎక్కడ నిలబడాలి?

తల్లి పొయ్యి ముందు నిలబడి కాఫీ కలుపుతోంది. తెల్లవారుజామున బస్సు దిగి, చెప్పాపెట్టకుండా వచ్చిన కూతురు వెనక గుమ్మంలో నిలబడి ఉంది. సంచి ఇంకా భుజానే ఉంది. అత్తవారింటికి ఇక వెళ్ళనని చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "చిక్కుడుకాయలు లేతగా ఉన్నాయే అమ్మా" అంటుంది.

మూడు నిమిషాల సన్నివేశం. ఇద్దరే మనుషులు. గది ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల పొడవు. షార్ట్ ఫిల్మ్ తీసే కుర్రవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఏ లెన్స్ పెట్టాలండీ?" నా లెక్కలో అది రెండో ప్రశ్న. కెమెరా తల్లి ముఖానికి ఎంత దూరంలో నిలబడాలన్నది మొదటిది.

ముఖం రూపు మార్చేది లెన్స్ అని చాలామంది నమ్మకం. నిజానికి మార్చేది దూరం. కెమెరాను కదపకుండా ఒకసారి 25 మి.మీ. లెన్స్‌తో, ఒకసారి 75 మి.మీ. లెన్స్‌తో ఒకే ముఖాన్ని తీయండి. మొదటి బొమ్మలో నడిమి భాగాన్ని కత్తిరించి పెద్దది చేస్తే, ముక్కూ చెవులూ సరిగ్గా రెండో బొమ్మలో ఉన్న కొలతల్లోనే ఉంటాయి. స్పష్టతలో, వెనక ఉన్నవి మసకబారడంలో తేడా ఉంటుందంతే. 25 లాంటి వైడ్ లెన్స్ ముక్కును పెద్దది చేస్తుందన్న అపవాదు ఎందుకు వచ్చిందంటే, ఆ లెన్స్‌తో ముఖాన్ని ఫ్రేము నిండా పట్టాలంటే కెమెరాను ముఖం మీదికి తీసుకెళ్ళక తప్పదు కాబట్టి.

ముక్కు కొన నుంచి చెవి దాకా ఉన్న లోతు సుమారు 12 సెంటీమీటర్లు అనుకుందాం. కెమెరా ముక్కుకు 45 సెంటీమీటర్లలో ఉంటే చెవి 57లో ఉంటుంది. అంటే ముక్కుతో పోల్చినప్పుడు చెవి ఐదో వంతు చిన్నదిగా పడుతుంది. కెమెరాను 135 సెంటీమీటర్లకు జరిపితే ఆ తగ్గుదల ఎనిమిది శాతమే. ఈ తేడాను చూసేవారు పేరు పెట్టి చెప్పలేకపోయినా పసిగడతారు. అమెరికాలోని కాల్టెక్ పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో సరిగ్గా ఈ రెండు దూరాల నుంచి తీసిన ముఖాలనే జనానికి చూపించారు. దగ్గర నుంచి తీసిన ముఖాలు తక్కువ నమ్మదగినవిగా, తక్కువ ఆకర్షణీయంగా అనిపించాయి. మనిషి మరీ దగ్గరికి వస్తే మనకు కలిగే ఇబ్బంది, బొమ్మలోని కొలతల ద్వారా కూడా చేరుతుందన్న మాట. ఫోను వెనక ఉండే ప్రధాన కెమెరా వైడ్ లెన్సే. దాన్ని ముఖం మీద పెట్టి తీసిన క్లోజప్‌లో ఆప్యాయత పలకకపోవడానికి నటిని తప్పుపట్టకండి.

ఇక వంటగదికి వద్దాం. సినిమా కెమెరాల్లో ఎక్కువగా కనిపించే సూపర్ 35 సెన్సర్ వెడల్పు సుమారు 25 మి.మీ. దీనితో లెక్క నోటితో చేసుకోవచ్చు. 25 మి.మీ. లెన్స్ ఎంత దూరంలో ఉంటే అంత వెడల్పు చూపిస్తుంది. 50 అందులో సగం, 75 మూడో వంతు. తల్లి ముఖం, భుజాలు పట్టడానికి 75 సెంటీమీటర్ల వెడల్పు కావాలనుకుంటే 25తో కెమెరా 75 సెంటీమీటర్లలో ఉండాలి. 75 మి.మీ. లెన్స్‌తో అయితే రెండుంపావు మీటర్లు వెనక్కి వెళ్ళాలి. తల్లి ముందున్నది గట్టు, దాని వెనక కిటికీ. మొదటి కెమెరా కిటికీని ఆనుకుని సరిపోతుంది. రెండోది గోడ దాటి పెరట్లోకి వెళ్ళి, కిటికీలోంచి చూడాలి.

రెండింటిలోనూ తల్లి ముఖం ఒకే సైజు. అసలు తేడా వెనక గుమ్మంలో, తల్లికి రెండు మీటర్ల దూరంలో ఉన్న కూతురిది. మొదటి కెమెరాకు తల్లి 75 సెంటీమీటర్లు, కూతురు 275. అంటే కూతురి ముఖం తల్లి ముఖంలో పావు వంతుకు కాస్త ఎక్కువ. పెరట్లోని కెమెరాకు తల్లి 225, కూతురు 425. ఇప్పుడు కూతురి ముఖం సగం పైనే. అదే గది, అదే ఇద్దరు, మధ్యనున్నవి అవే రెండు మీటర్లు. మొదటి ఫ్రేములో కూతురు ఎక్కడో ఉంది, తల్లిని చేరాలంటే చాలా నడవాలి. రెండో ఫ్రేములో తల్లి వెనక్కి తిరగకపోయినా, కూతురు ఆమె వీపు మీద ఊపిరి విడుస్తున్నంత దగ్గరగా ఉంది.

చిక్కుడుకాయల మాట దగ్గర నేను వైడ్‌తో దగ్గరకు వెళతాను. చెప్పాల్సినది ఇంకా బయటికి రాలేదు, ఆ దూరం కనబడాలి. "నేను ఇక వెళ్ళను" అన్న మాట పడ్డాక పెరట్లోంచి తీస్తాను, ఇక తల్లి తప్పించుకోలేదు. చాలామంది దీన్ని తిప్పి చేస్తారు. ఉద్వేగం పెరిగింది కదా అని వైడ్‌తో ముఖం మీదికి వెళతారు. అప్పుడు తల్లి చిత్రంగా కనిపిస్తుంది, కూతురేమో అవసరమైన క్షణంలోనే చిన్నదైపోతుంది. పెరట్లోంచి తీస్తే కిటికీ ఊచలు ముఖానికి అడ్డంగా మసక గీతల్లా పడతాయి. సంసారమనే జైలు అన్న అర్థం వస్తుందని సంబరపడకుండా ఊచలు తీయించండి, లేదా రెండు ఊచల నడుమ సందు చూసుకోండి. చూసేవారికి అప్పటికే అర్థమైంది.

ఒకే గదిలో సాగే 1957 నాటి హాలీవుడ్ చిత్రం 'ట్వెల్వ్ యాంగ్రీ మెన్'లో దర్శకుడు సిడ్నీ లుమెట్ ఈ సంగతినే సినిమా పొడుగునా వాడుకున్నాడు. కథ ముదిరేకొద్దీ లెన్స్‌ల మి.మీ.లు పెంచుకుంటూ పోయాడు, గోడలు మనుషుల మీదికి జరిగినట్టయింది. మొదటి మూడో వంతు కళ్ళకు పైనుంచి, తర్వాతి భాగం కంటి ఎత్తులో, చివరిది కిందినుంచి తీశాడు. ఆఖరికి గది పైకప్పు కూడా కనబడసాగింది. అంత నెమ్మదిగా మార్చడానికి ఆయనకు గంటన్నర ఉంది. మన మూడు నిమిషాల్లో చివరి షాట్ దాకా రెండు లెన్స్‌లు చాలు. ఆలోపు మూడోది పెడితే మార్పు కంటికి కొడుతుంది.

ఎత్తు సంగతి మన వంటగదుల్లో మరీ చిక్కు, ఎందుకంటే మనవాళ్ళు ఇంకా కింద కూర్చుంటారు. మాట విన్న తల్లి స్టవ్ ఆర్పి, చేట ముందు పెట్టుకుని నేల మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీయడం మొదలుపెడుతుంది. కింద కూర్చున్న ఆమె కళ్ళు నేలకు సుమారు 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. నిలబడ్డ కూతురివి 150లో. పుస్తకం చెప్పినట్టు తల్లి చూపు నుంచి కూతురిని తీశామనుకోండి. మీటరుంపావు దూరంలో 80 సెంటీమీటర్ల ఎత్తు తేడా అంటే 30 డిగ్రీలు దాటి పైకి చూడటం. గడ్డం కింది భాగం, ముక్కుపుటాలు కనిపిస్తాయి. వేడుకోవడానికి వచ్చిన పిల్ల బెదిరించడానికి వచ్చినట్టుంటుంది. కూతురి చూపు నుంచి తల్లిని తీస్తే పాపిట, కనురెప్పలు తప్ప కళ్ళు కనబడవు. ఆ మౌనంలో బలమంతా తల్లిదే అయినా, బొమ్మలో ఆమె ఓడిపోయినట్టుంటుంది.

అందుకే ఎవరి చూపునూ అరువు తెచ్చుకోను. సంభాషణలో బరువు ఎవరి వైపుందో వారి కళ్ళ ఎత్తులో కెమెరా పెడతాను. ఇక్కడ తల్లి. కొన్ని ట్రైపాడ్లకు అంత కిందికి దిగడం చేతకాదు. పీట మీద సగం నింపిన బియ్యం సంచి వేసి, అందులో కెమెరాను కూరితే 70 సెంటీమీటర్ల దగ్గరికి రావడానికి ఇంకో రెండు డబ్బాలు చాలు.

తల్లి వెంటనే ఏమీ అనదు. ఇక్కడ కెమెరా నెమ్మదిగా ముందుకు వెళ్ళాలనిపిస్తుంది, వెళ్ళనివ్వండి. కానీ జూమ్‌తో కాదు. జూమ్ చేస్తే తల్లీ, వెనక గోడా ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి. కెమెరాయే రెండు మీటర్ల నుంచి మీటరుకు జరిగితే తల్లి రెండింతలవుతుంది, ఆమె వెనక మీటరు దూరంలో ఉన్న గోడ ఒకటిన్నర రెట్లే పెరుగుతుంది. గది నుంచి ఆమె విడివడి ముందుకు వస్తుంది. ఆ తేడాయే మనల్ని లోపలికి లాగేది.

ఇక్కడ ఒక మోసం ఉంది. ఆ మీటరును 20 సెకన్లలో, సెకనుకు 5 సెంటీమీటర్ల చొప్పున సమంగా తోశారనుకోండి. మొదట్లో ముఖం సెకనుకు రెండున్నర శాతం చొప్పున పెరుగుతుంది. చివరికొచ్చేసరికి దూరం సగమైంది కాబట్టి ఐదు శాతం చొప్పున పెరుగుతుంది. ట్రాలీ వేగం మారలేదు, కానీ తెర మీద కెమెరా తల్లి మీదికి దూకినట్టు ఉంటుంది. తోసే మనిషి చివర్లో వేగాన్ని సగానికి తగ్గిస్తేనే నడక సమంగా కనిపిస్తుంది. టైల్స్ అతుకుల దగ్గర కుదుపు వస్తుంది, కాబట్టి నేల మీద ప్లైవుడ్ పలక పరిచి, పీటను దుప్పటి మీద కూర్చోబెట్టి లాగితే ఖర్చు లేకుండా పనవుతుంది. మొదలుపెట్టే క్షణం కూడా ముఖ్యమే. కూతురి మాటతోపాటే కదిలితే కెమెరాకు ముందే తెలిసినట్టుంటుంది. మాట పూర్తయి, ఈనె తీస్తున్న తల్లి వేళ్ళు ఆగాక కదలాలి.

చేత్తో పట్టుకుని తీద్దామా అంటే లెన్స్‌ను బట్టి చెబుతాను. చేయి ఒక్క డిగ్రీ వణికితే 25 మి.మీ.తో బొమ్మ ఫ్రేము వెడల్పులో యాభై ఏడో వంతు జరుగుతుంది, 75తో పంతొమ్మిదో వంతు. మొదటిది ఊపిరిలా ఉంటుంది, రెండోది భూకంపం. కూతురి ఆదుర్దాకు మొదటిది పనికొస్తుంది. తల్లికి రెండూ వద్దు.

చివరి షాట్‌లో కెమెరా అసలు కదలదు. గుమ్మం దగ్గర 70 సెంటీమీటర్ల ఎత్తులో 50 మి.మీ. లెన్స్, తల్లి రెండు మీటర్ల దూరంలో పక్క నుంచి. ఫ్రేము వెడల్పు మీటరు, ఎత్తు 56 సెంటీమీటర్లు. నేల నుంచి లెక్కేస్తే 42 దగ్గర మొదలై 98 దగ్గర ఆగుతుంది. ఒక పక్క తల్లి ముఖం నిండుగా ఉంది. రెండో పక్క నిలబడ్డ కూతురు మోకాళ్ళ నుంచి నడుం దాకే ఉంది, చున్నీ అంచును మెలిపెడుతున్న వేళ్ళతో సహా. తల అసలు లేదు.

"ఎప్పటి నుంచి?" అంటుంది తల్లి, తల ఎత్తకుండా.

"దీపావళి నుంచి."

తల్లి చేటను కొంచెం పక్కకు తోస్తుంది. కూతురు కూర్చుంటుంది. నడుం ఉన్న చోటికి భుజం దిగుతుంది, ఆ తర్వాత ముఖం, తల్లి కళ్ళకు సరిగ్గా సమానమైన ఎత్తులో. ఇంతవరకూ ట్రాలీ చేసిన పనిని ఇప్పుడు మోకాళ్ళు మడిచిన మనిషి చేసింది. ఆమె ఒక జానెడు అటు కూర్చుంటే ముఖం ఫ్రేము అంచుకు తెగుతుంది, ఇటు కూర్చుంటే తల్లిని కప్పేస్తుంది. అందుకని రిహార్సల్లోనే చేట అంచు ఎక్కడికి జరగాలో, కూతురి కుడి మోకాలు ఎక్కడ ఆనాలో నేల మీద సుద్దతో గీసిపెడతాను. ఫ్రేము 42 దగ్గరే మొదలవుతుంది కాబట్టి ఆ గీత లెన్స్‌కు కనబడదు.